ఓటీపీ ఎవరు తెస్తే వాళ్లదే లాగిన్

2022 జులై 20న, మన గడియారాల్లో మర్నాటి తెల్లవారుజాము నాలుగున్నర కావస్తుండగా, క్లౌడ్‌ఫ్లేర్ అనే అమెరికన్ కంపెనీ ఉద్యోగుల ఫోన్లు వరసపెట్టి మోగాయి. అందరికీ ఒకే ఎస్ఎంఎస్. మీ డ్యూటీ షెడ్యూలు మారింది, ఏం మారిందో చూసుకోవాలంటే ఈ లింకు నొక్కండి అని సారాంశం. లింకులో ఉన్న పేరు cloudflare-okta.com. నిమిషం తిరక్కుండా కనీసం 76 మందికి చేరింది. ఆఫీసు ఫోన్లకే కాదు, సొంత ఫోన్లకూ, కొందరి ఇంట్లోవాళ్ల ఫోన్లకూ వచ్చింది. అన్ని నంబర్లు దుండగుల చేతికి ఎలా చిక్కాయో కంపెనీ తేల్చుకోలేకపోయింది.

ఆ లింకు నమ్మదగినట్టే ఉంది. క్లౌడ్‌ఫ్లేర్ ఉద్యోగులు ఆఫీసు పనులకు లాగిన్ అయ్యేది ఆక్టా అనే సంస్థ సేవ ద్వారానే. పేరులో రెండూ ఉన్నాయి కదా అనిపిస్తుంది. కానీ ఇంటర్నెట్ పేర్లలో చుక్కకూ అడ్డగీతకూ చాలా తేడా ఉంది. okta.com ముందు చుక్క పెట్టి ఏం రాసినా అది ఆక్టా యాజమాన్యంలోనిదే. అడ్డగీత పెడితే మొత్తం కలిసి ఒక కొత్త పేరు అవుతుంది, దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. ఈ పేరును దుండగులు కొన్నది ఎస్ఎంఎస్‌లు వెళ్లడానికి నలభై నిమిషాల లోపే. తన పేరుతో ఎవరైనా కొత్త డొమైన్లు కొంటున్నారా అని క్లౌడ్‌ఫ్లేర్ కనిపెట్టి చూస్తూనే ఉంటుంది. అయినా ఇది మరీ తాజాది కావడంతో ఆ నిఘాకు ఇంకా చిక్కలేదు.

ముగ్గురు ఉద్యోగులు లింకు నొక్కి, అచ్చం ఆక్టా లాగిన్ పేజీలాగే ఉన్న చోట యూజర్‌నేమూ పాస్‌వర్డూ టైపు చేసేశారు. నెట్‌వర్క్ భద్రతే వ్యాపారంగా ఉన్న కంపెనీలో పనిచేసేవాళ్లే ఇలా చేశారంటే, మామూలు ఆఫీసుల్లో అకౌంట్స్ సెక్షన్ వాళ్లు నొక్కితే నవ్వాల్సిన పనేమీ లేదు. ఇంతకీ ఆ ముగ్గురి ఖాతాల్లోకి దుండగులు రాలేకపోయారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అదే పద్ధతిలో ట్విలియో అనే మరో కంపెనీ మీద దాడి జరిగింది. అక్కడ మాత్రం లోపలికి వెళ్లిపోయారు. హెల్ప్‌డెస్కులో కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పే శిక్షకుడు ఈ రెండు కంపెనీలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే సగం పని అయినట్టే.

ముందు ఆ నకిలీ పేజీ వెనక ఏం జరిగిందో చూడాలి. ఉద్యోగి పాస్‌వర్డ్ టైపు చేసి బటన్ నొక్కగానే, అది ఆ క్షణమే టెలిగ్రామ్ మెసేజీగా దుండగుడి ఫోనుకో కంప్యూటరుకో వెళ్తుంది. అతను అసలు లాగిన్ పేజీ తెరిచి సిద్ధంగా కూర్చుని ఉంటాడు. అందిన వివరాలు అందులో కొడతాడు. అసలు పేజీ యథావిధిగా ఓటీపీ అడుగుతుంది. ఎస్ఎంఎస్ పద్ధతి ఉన్న చోట ఓటీపీ ఉద్యోగి ఫోనుకే వస్తుంది, అదీ నిజమైన కంపెనీ నుంచే, నిజమైన సెండర్ పేరుతోనే. ఈలోగా నకిలీ పేజీ కూడా ఓటీపీ పెట్టె చూపిస్తుంది. తాను లాగిన్ అవుతున్నాననే ఉద్యోగి అనుకుంటున్నాడు, ఓటీపీ సమయానికి వచ్చింది, అనుమానించడానికి ఏముంది? టైపు చేస్తాడు. ఆ ఆరంకెలూ మళ్లీ టెలిగ్రామ్ దారినే వెళ్లి అసలు పేజీలో పడతాయి. తలుపు తెరుచుకుంటుంది, దుండగుడికి.

చదరంగం ఎత్తు ఒక్కటీ తెలియనివాడు రెండు గదుల్లో ఇద్దరు ఛాంపియన్లను కూర్చోబెట్టి, ఒకరి ఎత్తును మోసుకెళ్లి రెండోవారి బల్ల మీద వేస్తూ ఇద్దరితోనూ దీటుగా ఆడినట్టు కనిపించే పాత తమాషా ఒకటుంది. ఇది అదే. మధ్యలో ఉన్నవాడు ఏ తాళమూ పగలగొట్టలేదు, ఏ లెక్కా చేధించలేదు. అటుదిటు, ఇటుదటు అందించాడంతే.

ఓటీపీకి గడువు చాలా తక్కువ, అంతలో దొంగ ఏం చేస్తాడు అని చాలామంది ధీమా. ఫోన్‌లోని ఆథెంటికేటర్ యాప్ చూపించే అంకెలు సాధారణంగా 30 సెకన్లకు ఒకసారి మారతాయి. గడియారాల తేడా కోసం, టైపు చేయడంలో ఆలస్యం కోసం సర్వర్లు కొంచెం వెసులుబాటు ఇచ్చి, అప్పుడే గడువు ముగిసిన అంకెలను కూడా ఒప్పుకోవడం మామూలే. అంటే దుండగుడికి సుమారు అర నిమిషం నుంచి ఒక నిమిషం దాకా సమయం చిక్కుతుంది. అరువు అంకెలు టైపు చేయడానికి అది బోలెడు. గడువు తగ్గిస్తే మనిషికి ఇబ్బందే గానీ దుండగుడికి కాదు. పైగా ఈ పని ఇప్పుడు చేత్తో చేయక్కర్లేదు. 2017లో బయటికొచ్చిన ఎవిల్‌జింక్స్ లాంటి పనిముట్లు అసలు వెబ్‌సైటుకూ బాధితుడికీ మధ్య కూర్చుని ప్రతి పేజీనీ అటూ ఇటూ దాటిస్తాయి. లాగిన్ పూర్తవగానే సర్వర్ ఇచ్చే కుకీని, అంటే ఇతను లాగిన్ అయ్యాడని బ్రౌజర్ గుర్తుపెట్టుకునే ముక్కను, నకలు తీసుకుంటాయి. ఆ కుకీ ఉంటే చాలు, తర్వాత పాస్‌వర్డుతోనూ ఓటీపీతోనూ పని లేదు. ఈ తరహా దాడులు 2021 సెప్టెంబరు నుంచి పదివేలకు పైగా సంస్థల మీద గురిపెట్టాయని మైక్రోసాఫ్ట్ 2022 జులైలో ప్రకటించింది.

అసలు లోపం గడువులో లేదు. ఆరంకెలకు తమను ఎక్కడ టైపు చేస్తున్నారో తెలియదు, ఎవరు తెచ్చారో తెలియదు. సర్వర్ చూసేది అంకెలు సరిపోయాయా లేదా అన్నదొక్కటే. అవి ఉద్యోగి వేళ్ల నుంచి నేరుగా వచ్చినా, మూడు దేశాలు తిరిగి వచ్చినా దానికి తేడా తెలియదు. అడ్రస్ సరైనదా కాదా అని చూసే బాధ్యత మొత్తం మనిషి కళ్ల మీదే పడుతోంది, ఆ కళ్లేమో ఐదంగుళాల తెర మీద, నిద్రమత్తులో, షెడ్యూలు మారిందన్న కంగారులో ఉన్నాయి.

ట్విలియోలో అదే జరిగింది. పాస్‌వర్డ్ గడువు ముగిసింది, షెడ్యూలు మారింది అంటూ ఐటీ విభాగం పంపినట్టు మెసేజీలు వచ్చాయి. కొందరు ఉద్యోగులు వివరాలు ఇచ్చేశారు. ట్విలియో దీన్ని 2022 ఆగస్టులో బయటపెట్టింది. 209 మంది ఖాతాదారు సంస్థల సమాచారం, తన ఆథీ యాప్ వాడే 93 మంది ఖాతాలు దుండగులకు అందాయని చివరికి లెక్క తేలింది. ఆథీ ఏమిటంటే, ఓటీపీ అంకెలు చూపించే యాప్. ఆ 93 ఖాతాలకు దుండగులు తమ ఫోన్లను కూడా జతచేసుకున్నారు.

కథ అక్కడితో ఆగలేదు. సిగ్నల్ మెసేజింగ్ యాప్ తన కొత్త వాడుకరులకు ఎస్ఎంఎస్ కోడ్లు పంపేది ట్విలియో ద్వారానే. ట్విలియో లోపలికి దూరినవాళ్లకు సుమారు 1,900 మంది సిగ్నల్ వాడుకరుల నంబర్లుగానీ, వాళ్ల రిజిస్ట్రేషన్ కోడ్లుగానీ కనిపించే అవకాశం ఏర్పడింది. అందులో మూడు నంబర్ల కోసం ప్రత్యేకంగా వెతికారని, ఒకరి ఖాతా వేరే ఫోనులో రిజిస్టర్ అయిపోయిందని సిగ్నల్ చెప్పింది. ఒక ఉద్యోగి ఆరంకెలు పొరపాటున ఇస్తే, వేరే కంపెనీ యాప్ వాడుతున్న ఏ సంబంధమూ లేని మనిషి దాకా దాని సెగ తగిలింది. ఈ దాడుల పరంపరను పరిశీలించిన గ్రూప్-ఐబీ అనే సంస్థ 130కి పైగా కంపెనీల్లో 9,931 ఖాతాల వివరాలు పోయాయని లెక్కగట్టింది.

మరి క్లౌడ్‌ఫ్లేర్ ఎలా బయటపడింది? అక్కడ ఓటీపీ పద్ధతే లేదు. ప్రతి ఉద్యోగికీ ఒక సెక్యూరిటీ కీ ఇచ్చారు. చూడ్డానికి పెన్‌డ్రైవులా ఉండి, కంప్యూటరుకు గుచ్చి వేలితో తాకాల్సిన చిన్న పరికరం. దుండగుడు ఆ ముగ్గురి పాస్‌వర్డులతో లాగిన్ ప్రయత్నించాడు, సర్వర్ కీ అడిగింది, అతని దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. ఉద్యోగి దగ్గర కీ ఉంది కదా, ఓటీపీలాగే దాన్నీ మధ్యలో దాటించి తెచ్చుకోవచ్చు కదా అన్న సందేహం తరగతిలో ఎవరో ఒకరికి రావాలి. రాకపోతే శిక్షకుడే అడగాలి. ఫిషింగ్‌ను తట్టుకునే లాగిన్ అంటే ఏమిటో ఈ ప్రశ్నకు జవాబులోనే ఉంది.

కీని మొదటిసారి ఒక వెబ్‌సైటులో నమోదు చేసినప్పుడు, ఆ సైటు కోసమే ఒక రహస్య తాళంచెవి జత తయారవుతుంది. జతలో ఒకటి పరికరంలోనే ఉండిపోతుంది, రెండోది సర్వరుకు వెళ్తుంది. ఏ సైటు పేరు కోసం ఇది తయారైందో కూడా ఆ జతతో ముడిపడి ఉంటుంది. తర్వాత లాగిన్ అయ్యేటప్పుడు సర్వర్ ప్రతిసారీ ఒక కొత్త సవాలు పంపుతుంది, పరికరం దాని మీద సంతకం చేసి పంపుతుంది. ఆ సంతకం కిందికి వచ్చే సమాచారంలో ఒక భాగం ఇలా ఉంటుంది:

```
{
  "type": "webauthn.get",
  "challenge": "p5aV2uHXr0AO_qUk7HQi",
  "origin": "https://login.company.example"
}
```

ఇందులో చూడాల్సింది చివరి వరస. ఉద్యోగి బ్రౌజర్ ఆ క్షణాన ఏ అడ్రస్ దగ్గర ఉందో అక్కడ రాసి ఉంటుంది. దాన్ని రాసేది మనిషి కాదు, వెబ్‌పేజీ కూడా కాదు, బ్రౌజరే స్వయంగా రాస్తుంది. నకిలీ పేజీ ఎంత అందంగా ఉన్నా ఆ వరసను మార్చలేదు.

ఇప్పుడు దుండగుడు అసలు సర్వర్ పంపిన సవాలును తన నకిలీ పేజీ ద్వారా ఉద్యోగి బ్రౌజరుకు దాటించాడు అనుకుందాం. అసలు సైటు పేరు మీద సంతకం కావాలని నకిలీ పేజీ అడిగితే, నువ్వున్నది ఆ పేరు కింద కాదు కదా అని బ్రౌజరే తోసిపుచ్చుతుంది. కీ దాకా అభ్యర్థన వెళ్లనే వెళ్లదు. పోనీ తన నకిలీ పేరు మీదే సంతకం అడిగితే, ఆ పేరుతో తాళంచెవి ఏదీ పరికరంలో లేదు. ఎలాగో ఒక సంతకం పుట్టించినా, దాని లోపల నకిలీ అడ్రసే రాసి ఉంటుంది, అసలు సర్వర్ దాన్ని చూసి కొట్టేస్తుంది. ఈ మూడింటిలో ఒక్క చోట కూడా ఉద్యోగి తెలివితో, జాగ్రత్తతో, అడ్డగీతకూ చుక్కకూ తేడా పట్టే చూపుతో పని పడలేదు. అతను మోసపోయినా లాగిన్ మోసపోలేదు.

ఫోన్లలో వేలిముద్రతోనో ముఖంతోనో తెరుచుకునే పాస్‌కీలు కూడా ఈ కుటుంబంలోవే, పనిచేసే తీరు ఒకటే. అన్నట్టు, వేలిముద్ర వెబ్‌సైటుకు వెళ్తుందని భయపడేవాళ్లు హెల్ప్‌డెస్కుకు తరచూ తగులుతారు. వెళ్లదు. అది ఫోనులోని తాళంచెవిని తెరవడానికి మాత్రమే పనికొస్తుంది, సర్వరుకు చేరేది సంతకమే. యూఎస్‌బీ కీలను గూగుల్ 2017 తొలినాళ్ల నుంచి తన ఉద్యోగులందరికీ తప్పనిసరి చేసింది. అప్పటి నుంచి 85 వేలకు పైబడిన సిబ్బందిలో ఎవరి ఆఫీసు ఖాతా కూడా చేతులు మారినట్టు నిర్ధారణ కాలేదని 2018లో ఆ సంస్థ చెప్పుకుంది.

ఇంత బాగుంటే దుండగులు ఊరుకుంటారా? వాళ్లు గట్టి తలుపు వదిలేసి పక్క తలుపు చూస్తారు. చాలా కంపెనీల్లో కీ ఇచ్చిన తర్వాత కూడా, కీ మర్చిపోయినవాళ్ల కోసం అని ఎస్ఎంఎస్ ఓటీపీని అలాగే ఉంచుతారు. నకిలీ పేజీ కీ సంగతే ఎత్తకుండా నేరుగా ఓటీపీ పెట్టె చూపిస్తుంది. అలవాటు కొద్దీ ఉద్యోగి టైపు చేస్తాడు. ఆ కంపెనీ కీల మీద ఎంత ఖర్చుపెట్టినా, ఆ ఖాతా బలం ఎస్ఎంఎస్ బలమే. ఇంకో దారి కంప్యూటర్లోకే దొంగ ప్రోగ్రాం ఎక్కించి, లాగిన్ అయ్యాక ఉండే కుకీని ఎత్తుకెళ్లడం. దానికి కీ ఏమీ చేయలేదు, ఎందుకంటే కీ పని లాగిన్ దగ్గరితో అయిపోయింది.

మూడో దారి హెల్ప్‌డెస్క్. హైదరాబాద్‌లోనో విశాఖలోనో రాత్రి షిఫ్టులో హెడ్‌సెట్ పెట్టుకుని విదేశీ కంపెనీల ఉద్యోగుల కాల్స్ అందుకునేవాళ్లకు ఇది నేరుగా తగిలే విషయం. 2023 ఆగస్టులో అమెరికాలో క్లోరాక్స్ అనే బ్లీచ్ తయారీ కంపెనీ మీద దాడి జరిగి ఉత్పత్తి దెబ్బతింది. తమ హెల్ప్‌డెస్క్ నడిపిన కాగ్నిజెంట్ మీద 2025 జులైలో ఆ కంపెనీ దావా వేసింది. ఉద్యోగినని చెప్పుకుంటూ ఫోన్ చేసినవాడు పాస్‌వర్డ్ లేదంటే, ఎవరో ఏమిటో నిర్ధారించుకోకుండా ఏజెంటు కొత్త పాస్‌వర్డ్ చెప్పేశారని, రెండో అంచె లాగిన్‌ను కూడా రీసెట్ చేశారని ఆరోపణ. సుమారు 38 కోట్ల డాలర్ల నష్టం జరిగిందని దావాలో చెప్పారు. తాము పరిమితమైన హెల్ప్‌డెస్క్ సేవలకే ఒప్పుకున్నామని, వాటిని సరిగానే చేశామని, సైబర్ భద్రత తమ బాధ్యత కాదని కాగ్నిజెంట్ జవాబిచ్చింది. కోర్టు సంగతి ఎలా ఉన్నా ఒకటి స్పష్టం. రీసెట్ చేసే అధికారం ఉన్న మనిషిని ఒప్పించగలిగితే కీలూ సంతకాలూ దాటి వెళ్లొచ్చు. 2023 ఆగస్టు చివర్లో ఆక్టా కూడా, పెద్ద అధికారాలున్న ఖాతాల రెండో అంచెను మొత్తంగా రీసెట్ చేయించుకోవడానికి దుండగులు హెల్ప్‌డెస్కులకు ఫోన్లు చేస్తున్నారని హెచ్చరించింది.

కాబట్టి శిక్షకుడు ఎక్కువ సమయం కేటాయించాల్సిన కాల్ ఒకటుంది. అవతలి గొంతు, కీ పనిచేయడం లేదు, అర్జెంటు, కాసేపటికి ఓటీపీ పెట్టండి అంటుంది. ఇందులో మూడు రకాల మనుషులు ఉండొచ్చు. నిజంగానే కీ మొరాయిస్తున్న ఉద్యోగి ఒకరు. నకిలీ పేజీ ముందు కూర్చుని, కీ పనిచేయకపోవడమే తనకు రక్షణ అని తెలియని ఉద్యోగి రెండోవారు. అసలు ఉద్యోగే కానివాడు మూడోవాడు.

మొదటి ఇద్దరినీ వేరు చేయడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. వచ్చిన లింకు మూసేయించి, కొత్త విండోలో కంపెనీ పోర్టల్‌ను బుక్‌మార్క్ నుంచి తెరిపించి, అక్కడ కీ వాడమనాలి. ఇక్కడ పనిచేసి అక్కడ పనిచేయకపోతే కీకి ఏ జబ్బూ లేదు, ఆ లింకే దొంగది. వెంటనే టికెట్‌ను భద్రతా విభాగానికి పంపాలి. రెండు చోట్లా పనిచేయకపోతే మామూలు కారణాలు వెతకాలి. పిన్ ఎనిమిదిసార్లు తప్పు కొట్టడంతో కీ బిగుసుకుపోయి ఉండొచ్చు. ఫోన్ పాస్‌కీని క్యూఆర్ కోడ్ ద్వారా వాడుతున్నవాళ్లకైతే బ్లూటూత్ ఆపేసి ఉండొచ్చు. ఆ పద్ధతిలో ఫోనూ కంప్యూటరూ దగ్గర్లోనే ఉన్నాయని రుజువు చేసేది బ్లూటూతే.

ఉద్యోగి అప్పటికే నకిలీ పేజీలో వివరాలు ఇచ్చేసి ఉంటే పాస్‌వర్డ్ మార్చి టికెట్ మూసేయడం హెల్ప్‌డెస్కుల్లో మామూలుగా జరిగే తప్పు. దుండగుడి చేతిలో కుకీ ఉంటే పాస్‌వర్డ్ మార్పును నమ్ముకుని కూర్చోలేం. నడుస్తున్న సెషన్లన్నిటినీ రద్దు చేయాలి. ఆ తర్వాత ఖాతాకు కొత్తగా ఏ ఫోనైనా, ఏ ఆథెంటికేటరైనా జత అయ్యిందా చూడాలి, మెయిళ్లను వేరే చోటికి పంపే రూల్ ఏదైనా పెట్టారా చూడాలి. లాగిన్ రికార్డులో ఉద్యోగి ఊరి ఇంటర్నెట్ కంపెనీ బదులు ఏదో సర్వర్ల అద్దె కంపెనీ చిరునామా కనిపిస్తే, ఆ లాగిన్ మధ్యవర్తి ద్వారా జరిగిందనడానికి అది బలమైన గుర్తు.

మూడోవాడి సంగతి కష్టం. ఉద్యోగి నంబరు, పుట్టినతేదీ, మేనేజరు పేరు అతనికి ముందే తెలిసి ఉంటాయి. అడిగి ప్రయోజనం లేదు. లైన్ పెట్టేసి కంపెనీ రికార్డులో ఉన్న నంబరుకు తిరిగి కాల్ చేయడం, మేనేజరును వీడియో కాల్‌లోకి రప్పించి మనిషిని గుర్తుపట్టించడం, ఆఫీసు ఉన్న ఊళ్లో అయితే గుర్తింపు కార్డుతో నేరుగా రమ్మనడం లాంటివే పనికొస్తాయి. రికార్డులోని నంబరు నిన్ననే మారి ఉంటే తిరిగి కాల్ చేయడం కూడా చెల్లదు.

అన్నీ సరిగ్గా చేసి, మనిషి నిజమైనవాడే అని తేలాక కూడా ఒక చిక్కు మిగులుతుంది. కొత్త కీ నమోదు చేసుకోవాలంటే అతను ఒకసారి లోపలికి రావాలి, దానికి తాత్కాలిక కోడ్ ఇవ్వాలి. మైక్రోసాఫ్ట్ వ్యవస్థలో దీన్ని టెంపరరీ యాక్సెస్ పాస్ అంటారు. మామూలుగా గంట గడువుతో వస్తుంది, అడ్మిన్ తలుచుకుంటే పది నిమిషాలకు కుదించవచ్చు, ముప్పై రోజులకూ పెంచవచ్చు. అది కూడా టైపు చేసే కోడే కనుక, ఏ పేజీలో కొట్టినా నడిచే పాత గుణం దానికీ ఉంది. అందుకే దాన్ని ఒక్కసారికే చెల్లేలా పెట్టి, గడువు కనిష్ఠానికి తగ్గించి, ఉద్యోగి కాల్‌లో ఉండగానే బుక్‌మార్క్ నుంచి పోర్టల్ తెరిపించి, కొత్త కీ నమోదై ఒకసారి పనిచేసిందని చూశాకే టికెట్ మూయడం మంచిది.